హ్యాండిల్ తిరుగుతుంది, తలుపు తెరుచుకోదు

పడకగది తలుపు హ్యాండిల్ గిరగిరా తిరుగుతుంది గానీ లాచ్ వెనక్కి జరగదు. తాళం పాడైందని చాలామంది కార్పెంటర్‌కు ఫోన్ చేస్తారు. చాలాసార్లు తప్పు తాళానిది కాదు, హ్యాండిల్ మెడ కింద దాగి ఉండే చిన్న స్క్రూది.

రెండు వైపుల హ్యాండిళ్లనూ కలుపుతూ తలుపు లోపల నలుచదరపు ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని స్పిండిల్ అంటారు. అది తిరిగితేనే లాచ్ కదులుతుంది. హ్యాండిల్ కడ్డీ మీంచి జారిపోకుండా ఆ స్క్రూ పట్టి ఉంచుతుంది. రోజూ లాగీ నొక్కీ స్క్రూ వదులైతే హ్యాండిల్ బయటికి జరుగుతుంది, కడ్డీ మీద పట్టు పోతుంది.

ముందు ఆ స్క్రూ వదులు చేసి హ్యాండిల్ ఊడదీయండి. కడ్డీని ప్లయర్‌తో పట్టి తిప్పండి. లాచ్ లోపలికి వెళితే తాళం బాగున్నట్టే. కడ్డీ రెండు వైపులా సమానంగా బయటికి ఉండేలా సర్ది, హ్యాండిల్‌ను పూర్తిగా లోపలికి నొక్కి, సరిపోయే అలెన్ కీతో స్క్రూ బిగించండి. స్క్రూ మొన కడ్డీ చదునైన ముఖం మీద ఆనాలి. అంచు మీద ఆనితే కొద్ది రోజుల్లోనే మళ్లీ వదులవుతుంది.

కడ్డీ అంచులు అరిగి గుండ్రబడితే ఎంత బిగించినా లాభం లేదు. పాతదాన్ని హార్డ్‌వేర్ షాపుకు తీసుకెళ్లి, అదే మందం, అదే పొడవు ఉన్న కడ్డీ కొనండి. హ్యాండిల్ లోపలి చదరపు రంధ్రమే అరిగితే హ్యాండిల్ మార్చాల్సిందే.

పని పూర్తయ్యేదాకా తలుపు తెరిచే ఉంచండి.