కాల్‌కూ పుట్‌కూ మధ్య ముప్పై రూపాయలు

నిఫ్టీ ఫ్యూచర్ 24,120 దగ్గర ఉందనుకుందాం. అదే గడువు, 24,000 స్ట్రైక్ ఉన్న కాల్ 400 రూపాయలు, పుట్ 250. పైకి తేడా ఏమీ కనిపించదు.

కాల్ అమ్మి పుట్ కొన్నవాడి చేతికి 150 వస్తుంది. గడువు రోజున సూచీ ఎక్కడున్నా, అతను నిఫ్టీని 24,000కు అమ్మినట్టే లెక్క. 150 కలిపితే అమ్మకం ధర 24,150. దీన్నే సింథటిక్ షార్ట్ అంటారు. అతనే ఫ్యూచర్‌ను 24,120కి కొంటే యూనిట్‌కు 30 రూపాయలు ఖాయం. సూచీ 25,000కు వెళ్తే ఫ్యూచర్‌లో 880 లాభం, కాల్‌లో 1,000 నష్టం, చేతిలో 150: మిగిలేది 30. 23,000కు పడినా అంతే.

ఇలాంటివాళ్లు ఎగబడటంతోనే తేడా 120 వైపు జారుతుంది. 1969లో హాన్స్ స్టాల్ వివరించిన పుట్-కాల్ పారిటీ ఇదే. అయితే కాల్ ఖరీదైందా, పుట్ చవకైందా అన్నది ఇది చెప్పదు. జత పొసగలేదని మాత్రమే చెబుతుంది.

తెరమీది చివరి ధర గంట కిందటిది కావచ్చు. అందుకే కాల్‌కు బిడ్, పుట్‌కూ ఫ్యూచర్‌కూ ఆస్క్ చూడండి. పన్నులు, బ్రోకరేజీ తీసేశాకే ఆ 30ని లెక్కలోకి తీసుకోండి.