మూలిగే మంచానికి మరమ్మతు

పక్కకి ఒత్తిగిలితే చాలు, మంచం కిర్రుమంటుంది. ఇంట్లోవాళ్లు అతుకుల్లో నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేస్తారు. రెండు రోజులు ఊరుకుని మళ్లీ మొదలు. బిగువు తగ్గిన రెండు చెక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటే వచ్చే చప్పుడది. నూనె రాపిడిని కాసేపు తగ్గిస్తుందేగానీ అతుకును బిగించదు.

ముందు పరుపు దించాలి. ఒకరు తలవైపు పలకను అటూ ఇటూ ఊపుతుంటే, ఇంకొకరు ఒక్కో మూల అతుకు మీద వేళ్లు ఆనించి చూడాలి. చెవి మోసపోతుంది, వేళ్లకి కదలిక తగిలిన చోటే అసలు రోగం.

వానాకాలంలో తేమకి ఉబ్బిన చెక్క ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. అందుకే జులైలో బిగించిన బోల్టు మే నెలకి వదులవుతుంది. చాలా మంచాలకి పానాతో ఓ చుట్టు తిప్పితే సరిపోతుంది. బోల్టు చివరిదాకా తిరిగినా బిగువు రాలేదంటే, దాని కింది చిన్న వాషర్ చెక్కలోకి దిగబడిపోయిందేమో చూడాలి. బోల్టు ఊడదీసి వెడల్పాటి వాషర్ వేస్తే పట్టు మళ్లీ వస్తుంది. స్క్రూ రంధ్రం పెద్దదైతే, తలలు తీసేసిన అగ్గిపుల్లలకి ఫెవికాల్ రాసి నిండా కూరి, ఒక రోజు ఆరనిచ్చి, మిగిలింది కోసేసి స్క్రూ ఎక్కించాలి.

ఇక విరిగిన పట్టీలు. అయిదడుగుల వెడల్పు డబుల్ కాట్‌కి మధ్యలో పొడవాటి దూలం, దానికి రెండు వైపులా పట్టీలు ఉన్నాయనుకుందాం. నడుము బరువు పడే చోట రెండు పట్టీలు విరిగాయి. కాళ్ల దగ్గర బరువు తక్కువ కాబట్టి అక్కడి గట్టి పట్టీలను నడుము కిందికి మార్చి, విరిగినవాటిని కాళ్ల వైపు వేయాలి. అయితే ఊరికే వేస్తే లాభం లేదు. పాత ఇనుప సామాను కొట్టులో దొరికే ఎల్ ఆకారపు యాంగిల్ ముక్కను పట్టీ పొడవునా అడుగున బిగించాలి. చదును ఇనుప బద్ద వద్దు, బరువుకి వంగిపోతుంది. యాంగిల్ రెండు కొనలూ మంచం చట్రం మీద ఆనితే బరువంతా ఇనుమే మోస్తుంది. స్క్రూలు పట్టీ మందం కన్నా పొట్టివై ఉండాలి, లేకపోతే మొనలు పరుపును చీలుస్తాయి.

పట్టీలన్నీ బాగున్నా పరుపు గుంతపడుతోందంటే మధ్య దూలం కుంగి ఉండొచ్చు. దూలం వెంబడి తలవైపు నుంచి కాళ్లవైపుకి దారం లాగి పడితే ఎంత కుంగిందో తెలిసిపోతుంది. కుంగిన చోట ఇటుకలు పేర్చి, మిగిలిన సందులో పాత టైరు రబ్బరు ముక్క దూర్చాలి. అత్యాశకి పోయి దారం గీతను దాటి ఎత్తితే మంచం మధ్యలో లేచి, మూలల బోల్టులు మళ్లీ వదులవుతాయి.

సన్నటి రంధ్రాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే మాత్రం అది పురుగు పని. ఆ పట్టీకి ఇనుము బిగించినా స్క్రూ నిలవదు. దాన్ని మంచం నుంచి, వీలైతే ఇంట్లోంచే, తీసేయాల్సిందే.