గోడ దాటని గంట

డబ్బా మీద 'వంద మీటర్లు' అని చూసి వైర్‌లెస్ బెల్ కొంటాం. ఆ దూరం అడ్డేమీ లేని మైదానంలో లెక్క. పాత ఇళ్ల రాతి గోడలు, ఇనుప చువ్వలున్న కాంక్రీటు స్లాబు, ఇనుప గేటు సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి.

గేటు నుంచి వంటింటికి మధ్య మూడు మందపాటి గోడలున్నాయనుకోండి. బటన్‌ను వెంటనే అతికించకండి. ఒకరు గేటు దగ్గర నొక్కుతుంటే, మరొకరు మోగే పెట్టెను ఒక్కో ప్లగ్గులో పెట్టి చూడాలి. తరచూ హాల్లో మోగేది వంటింట్లో మోగదు. అప్పుడు హాల్లోనే ఉంచి, అదే బటన్‌కు పలికే రెండో పెట్టెను సిగ్నల్ అందే మరో చోట పెట్టుకోవచ్చు. దగ్గర నుంచి నొక్కినా తడబడితే మాత్రం తప్పు గోడది కాదు, బటన్‌లోని బ్యాటరీ అయిపోవచ్చింది. ప్లగ్గు పెట్టెకు ఇన్వర్టర్ లైన్ లేకపోతే కరెంటు పోయినప్పుడు మోగదు. బ్యాటరీ పెట్టెకు ఆ బాధ లేదు.

వైరు బెల్‌కు గోడలు అడ్డం కావు. కానీ మన ఇళ్లలో చాలావాటి బటన్‌కు 230 వోల్టులు నేరుగా వస్తాయి. వాన తడిసే గేటుకు అలాంటి బటన్ పెట్టించకండి.