జవాబు రాయకపోయినా సరిపోయే ఉత్తరం

విడిపోయిన మనిషికి ఏళ్ల తర్వాత పంపే మొదటి మెసేజ్ చాలా ఫోన్లలో ఒకేలా ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక, "హాయ్, ఎలా ఉన్నావ్?" అని. పంపినవాడికి అది రెండు ముక్కల పలకరింపు. అందుకున్న అమ్మాయికి పరీక్ష పేపర్. ఇన్నాళ్ల తర్వాత ఎందుకు రాశాడు? బాగున్నానంటే మాటలు మొదలవుతాయి, బాగాలేనంటే ఓదార్పులు మొదలవుతాయి, ఏమీ అనకపోతే ఇంకా కోపం పోలేదనుకుంటాడు. ఏది చేసినా దానికో అర్థం అంటుకుంటుంది.

ఈ ఇబ్బంది రాసేవాడికి కనిపించదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త వెనెస్సా బోన్స్ ఇలాంటి సంగతినే పరిశీలించారు. చదువుకునే చోట, పనిచేసే చోట ఎవరైనా ప్రేమగా దగ్గరవ్వాలని చూసినప్పుడు, "వద్దు" అనడం అవతలివాళ్లకు ఎంత కష్టమో అడిగేవాళ్లు బాగా తక్కువగా అంచనా వేస్తారని ఆమె, ఆమె సహ పరిశోధకురాలు గమనించారు. అడిగేవాడి దృష్టంతా తన గుండె దడ మీదే ఉంటుంది. ఆ పరిశోధన పాత ప్రేమికుల గురించి కాదు. అయినా ఒకప్పుడు మనసిచ్చిన మనిషికి "వద్దు" చెప్పడం సహోద్యోగికి చెప్పడం కన్నా తేలికని నేననుకోను.

కాబట్టి ఇలాంటి ఉత్తరం రాసేటప్పుడు, జవాబు ఎలా రప్పించాలి అన్నది పక్కన పెట్టాలి. జవాబు రాయకుండా ఉండటం ఆమెకు ఎంత సులువు అన్నదే చూసుకోవాలి. ఇది త్యాగబుద్ధితో చెబుతున్న మాట కాదు. వద్దనుకుంటే ఊరుకోవచ్చని తెలిసినప్పుడే మనిషి ఇష్టంగా జవాబు రాస్తుంది. మొహమాటంతో వచ్చే జవాబు మూడో మెసేజ్ దగ్గర ఆగిపోతుంది.

ఒక జంటను ఊహిద్దాం. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ దగ్గరయ్యారు. కులాలు వేరు. అతని ఇంట్లో తెలుసు, ఆమె ఇంట్లో తెలియదు. చివరి ఏడాదంతా అతను అడిగింది ఒక్కటే: "మీ నాన్నగారికి ఎప్పుడు చెప్తావ్?" సంక్రాంతికి చెబుతానంది, తర్వాత ఉగాదికి అంది. ఆమె ఊరెళ్లిన ప్రతిసారీ అతను రాత్రిదాకా ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆమె, "నాకు ఊపిరాడటం లేదు" అంది. గొడవేమీ జరగలేదు, మళ్లీ రాయొద్దనీ అనలేదు. బెంగళూరుకు మారిపోయింది. ఇది జరిగి మూడేళ్లు. ఇప్పుడు అతను రాసుకున్న మొదటి చిత్తుప్రతి ఇలా ఉంది:

"ఎలా ఉన్నావ్ రా? నిన్ను మర్చిపోలేకపోతున్నా. అప్పట్లో నాదే తప్పు, చాలా మారాను. ఇప్పుడు తొందరేం లేదు, నీకు టైమ్ కావాలంటే తీసుకో. ఒక్కసారి కలిస్తే అన్నీ చెప్తాను. ప్లీజ్, కనీసం ఒక్క రిప్లై ఇవ్వు."

చూడటానికి మెత్తగానే ఉంది. కానీ ప్రతి వాక్యమూ ఆమె నుంచి ఏదో ఒకటి కోరుతోంది. "రా" అన్న పిలుపు మూడేళ్ల కిందటి చనువును అడగకుండానే తెచ్చి పెట్టింది. "మర్చిపోలేకపోతున్నా" అంటే ఆ బాధకు ఆమె ఏదో ఒకటి చేయాలి. "మారాను" అన్న మాటను ఆమె నమ్మాలి, లేదా కాదనాలి. అన్నిటికన్నా పాత వాసన కొట్టేది "నీకు టైమ్ కావాలంటే తీసుకో". టైమ్ దేనికి? ఆమె ఇంకా ఏమీ ఒప్పుకోలేదు కదా! "ఎప్పుడు చెప్తావ్" అనే పాత ప్రశ్నే మర్యాదగా తయారై వచ్చింది. ఇక చివర "కనీసం" అనే మాట, ఊరుకుంటే ఆమె కఠినురాలవుతుందని ముందే తీర్పు చెబుతోంది.

చిత్తుప్రతిని సరిచూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి వాక్యం పక్కన, అది చదివాక ఆమె చేయాల్సిన పనేమిటో రాసుకోవాలి. జవాబివ్వాలి, క్షమించాలి, నమ్మాలి, ఓదార్చాలి, కలవాలి. ఇలాంటి పని కనిపించిన వాక్యాన్ని కొట్టేయాలి. పై ఉత్తరంలో అలా కొట్టేస్తే ఏమీ మిగలదు. ఇంకో ఉత్తరం రాసుకోవడమే మేలు:

"నిన్న ఆబిడ్స్ వెళ్లాను. ఫుట్‌పాత్ మీద పాత చందమామల కట్ట దొరికింది. బేరం ఆడటం నాకు ఇంకా రాలేదు, చెప్పినంతా ఇచ్చి తెచ్చుకున్నా. నువ్వుంటే సగానికి ఇప్పించేదానివి అనుకుని దారంతా నవ్వుకున్నా. అది చెబుదామనిపించి రాశా. నువ్వు బాగుండాలి."

ఇందులో ప్రశ్న లేదు. క్షమాపణ లేదు, కలుద్దామన్న మాట లేదు. అయినా ఇది పాత స్నేహితుడు ఊరికే రాసిన ముక్క కాదని చదివిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ సంగతి "నువ్వుంటే" అన్న చోట ఉంది. పక్కన నువ్వు లేని లోటును అతను నవ్వుతూ ఒప్పుకున్నాడు, అంతటితో ఆపాడు. ఆమెకు ఇష్టమైతే అందుకుంటుంది. ఇష్టం లేకపోతే, "ఓ, చందమామలా! ఏ సంవత్సరంవి?" అని పుస్తకాల దారిన వెళ్లిపోవచ్చు. ఎవరి పరువూ పోదు. హింట్ అంటే అదే, అవతలి మనిషి గమనించనట్టు ఉండటానికి చోటివ్వాలి. "మన ఆబిడ్స్ ఆదివారాలు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు" అని రాసుంటే ఆ చోటు ఉండేది కాదు.

జ్ఞాపకాన్ని ఎంచుకోవడంలోనూ తేడా ఉంది. మొదటి ముద్దు, కలిసి చేసిన ప్రయాణం, పుట్టినరోజు లాంటివి బరువైనవి, వాటి వెనకే విడిపోయిన రోజు కూడా వస్తుంది. ఆమెకున్న నేర్పునో, అల్లరినో చూపించే చిన్న సంగతి తేలిగ్గా ఉంటుంది. ఇక్కడ అతను గుర్తు చేసింది ప్రేమను కాదు, బేరమాడే ఆమె చురుకును. ఆ సంగతి నిజంగా జరిగి ఉండాలని వేరే చెప్పాలా? ఉత్తరం కోసం అల్లిన ఆబిడ్స్ ప్రయాణాన్ని ఒకప్పటి ప్రేయసి రెండో మెసేజ్‌లోనే పట్టేస్తుంది.

మరి తప్పు ఒప్పుకోవద్దా? ఒప్పుకోవాలి, కానీ ఈ హింట్‌తో కలిపి కాదని నా అభిప్రాయం. రెండూ ఒకే ఉత్తరంలో ఉంటే క్షమాపణ బయానాలా కనిపిస్తుంది. మాటలు సాగి, పాత సంగతి ఆమె ఎత్తినప్పుడు ఒక్క వాక్యం చాలు: "మీ నాన్నగారి విషయంలో నిన్ను నెల నెలా నిలదీశాను, అది నేను చేయకూడని పని." పక్కన "కానీ" రాకూడదు, కారణాలూ రాకూడదు. తప్పు ఇంతకన్నా పెద్దదైతే, ఆమెను భయపెట్టి ఉంటే, చేయి చేసుకుని ఉంటే, శృంగారపు ఛాయ ఉన్న ఏ ఉత్తరానికీ అక్కడ చోటు లేదు. మళ్లీ రాయొద్దని ఆమె ఒకసారి చెప్పి ఉన్నా అంతే.

ఉత్తరం ఎంత తేలిగ్గా ఉన్నా అది వెళ్లే దారి దాన్ని బరువు చేయగలదు. వాట్సాప్‌లో నీలం టిక్కులు ఆపుకోకపోతే, ఆమె చదివిందని అతనికి తెలుస్తుంది. అతనికి తెలిసిందని ఆమెకూ తెలుస్తుంది. అక్కడి నుంచి మౌనానికి గడియారం తగులుకుంటుంది. ఈమెయిల్‌లో సాధారణంగా ఆ గొడవ ఉండదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరినొకరు ఫాలో కాకపోతే మెసేజ్ రిక్వెస్టుల్లోకి వెళ్తుంది, ఆమె అంగీకరించేదాకా చూసినట్టు అతనికి తెలియదు. ఈ కారణంతోనే నేనైతే వాట్సాప్ కన్నా ఈ రెండింటినే ఎంచుకుంటాను. ఏది వాడినా పగటిపూట పంపడం మంచిది. మొదటి వాక్యం ఫోన్ లాక్ స్క్రీన్ మీద కనిపించవచ్చు, పక్కన అమ్మో చెల్లెలో కూర్చుని ఉండవచ్చు. "నిన్న ఆబిడ్స్ వెళ్లాను" అన్న వాక్యం ఎవరి కంటబడినా ఆమె సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఇంటికి పోస్టులో ఉత్తరం పంపడం సినిమాల్లో అందంగా ఉంటుంది కానీ, మన ఇళ్లలో కవరు ఎవరు చింపుతారో చెప్పలేం.

పంపాక మనసు మారి "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టడం ఇంకా చెడ్డది. మెసేజ్ పోతుంది, ఏదో తీసేసిన గుర్తు మిగులుతుంది. ఆమెకు ఇప్పుడు ఉత్తరం బదులు పొడుపు కథ చేరినట్టు.

జవాబు రాకపోతే రెండో మెసేజ్ లేదు. "అందిందా?" అని అడగడం, ఆమె స్టేటస్‌లన్నీ వరసగా చూడటం, స్నేహితురాలితో కబురు పెట్టడం, ఇవన్నీ రెండో మెసేజ్ కిందకే వస్తాయి. ఆమె బ్లాక్ చేసిందంటే అదే జవాబు. ఇంకో నంబరు నుంచి ప్రయత్నించడం చట్టం దాకా వెళ్లే సంగతి. ఆసక్తి లేదని స్త్రీ స్పష్టంగా తెలిపాక కూడా పదే పదే సంప్రదించే పురుషుడికి, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికే 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు.

జవాబు వచ్చిందనుకుందాం. "హా బాగున్నా. చందమామలా, సూపర్" అని వస్తే, ఆమె పుస్తకాన్ని అందుకుని "నువ్వుంటే"ను వదిలేసింది. కనపడక కాదు, చూసే వదిలేసింది. అంతే పొడవున ఒక జవాబు రాసి ఆగిపోవాలి, హింట్‌ను ఇంకాస్త గట్టిగా వినిపించకూడదు. "ఇన్నేళ్లకీ బేరం రాలేదా! ఎంతకు తెచ్చావ్, నిజం చెప్పు" అని వస్తే సంగతి వేరు. తను వెక్కిరించింది, ప్రశ్న వేసింది, తన పాత్రలోకి తనే వచ్చింది. ఇక్కడ కూడా అతను పొంగిపోయి నాలుగు పేరాలు రాస్తే పాత బరువంతా తిరిగొస్తుంది. ధర చెప్పి, తిట్టించుకుంటే చాలు.

ఇంకో జవాబుకూ సిద్ధపడి ఉండాలి: "నాకు పెళ్లి కుదిరింది." పంపే ముందే దీనికి ఏం రాస్తాడో అతను కాగితం మీద రాసుకుని చూసుకోవాలి. "చాలా సంతోషం, నువ్వు బాగుండాలి" తర్వాత చెయ్యి ఆగకుండా ఇంకో వాక్యం రాస్తోందంటే, మొదటి ఉత్తరం పంపే రోజు ఇంకా రాలేదు.

అంతా సవ్యంగా సాగితే, పది పదిహేను మెసేజ్‌ల తర్వాత ఆమె సూటిగా అడుగుతుంది: "ఇంతకీ ఎందుకు రాశావ్?" అక్కడ హింట్ పని అయిపోయింది. "ఊరికే, గుర్తొచ్చి" అంటే అది అబద్ధం, ఆమెకు తెలిసే అబద్ధం. సూటి ప్రశ్నకు సూటిగానే చెప్పాలి: "నువ్వంటే ఇప్పటికీ ఇష్టం. నీకు అలా లేకపోతే చెప్పు, ఈ మాట మళ్లీ ఎత్తను. మీ ఇంట్లో సంగతి మాత్రం ఈసారి నేను అడగను, చెప్పాలో వద్దో, ఎప్పుడో అంతా నీ ఇష్టం." ఆమె ఆలోచించుకుంటానంటే, ఎన్నాళ్లని అడగకుండా ఉండాలి.