బోర్డుకెక్కే దస్తూరి ఏది?

డిస్‌ప్లే బోర్డుకు మంచి దస్తూరి ఒకటి ఎంచమంటే, కాగితాల కట్ట గబగబా తిరగేసి కంటికి నచ్చింది పక్కన పెట్టేయడం మామూలే. అలా చేస్తే మార్కులు పడేది మొదటి రెండు వరుసలకు. చెయ్యి లాగడం మొదలయ్యాక పిల్లలు ఎలా రాశారో చూడాలంటే చివరి వరుసలకు వెళ్లాలి.

పోల్చాలంటే ముందు అందరూ ఒకే పేరాని, ఒకే రూళ్ల కాగితం మీద, ఒకే రకం పెన్నుతో రాయాలి. జెల్ పెన్ను రాత పక్కన బాల్‌పెన్ను రాత వెలవెలబోతుంది, అది పిల్లవాడి తప్పు కాదు. పేరాలో 'రాష్ట్రం' లాంటి మాట ఉంటే మంచిది. ష కింద టవత్తు, దానితోపాటు క్రావడి, రెండూ కింది వరుస తలకట్లను తాకకుండా ఇమడాలి. తెలుగులో వరుసల మధ్య ఖాళీ చెడేది ఎక్కువగా ఈ ఒత్తుల దగ్గరే. పేరు మాత్రం కాగితం వెనక రాయించాలి. ముందువైపు ఉంటే క్లాసు ఫస్టు పిల్ల రాత కాస్త ఎక్కువ ముద్దొస్తుంది!

ఆరో తరగతిలో వడపోశాక మూడు కాగితాలు మిగిలాయనుకుందాం. ఒక్కోదానిలో ఎనిమిదేసి వరుసలు. మొదటిది ముత్యాల్లాంటి రాత. స్కేలు పెట్టి చూస్తే మొదటి వరుసలో 'న' ఎత్తు 5 మిల్లీమీటర్లు, ఎనిమిదో వరుసలో 3. అక్షరాలు రూళ్లను వదిలి పైకి తేలాయి కూడా. రెండో దాంట్లో కొట్టివేత ఒక్కటీ లేదు, అక్షరాలూ సమానమే. కానీ మాటల మధ్య ఖాళీ ఒకచోట రెండక్షరాలంత, ఇంకోచోట అసలే లేదు. వరుస చివర చోటు చాలక మాటను ఇరికించిన జాడలవి. మూడోది చూడగానే ఆకట్టుకోదు. ఒక కొట్టివేత ఉంది, అదీ ఒకే గీతతో. అయితే 'న' మొదటి నుంచి చివరి దాకా 4 మిల్లీమీటర్లే. మాటల మధ్య ఒక అక్షరమంత ఖాళీ. 'ప' తలకట్టు విడిగా, 'వ' తలకట్టు అంటుకుని ఉండటం వల్ల ఒకదాన్ని ఇంకొకటిగా చదివే ప్రమాదం లేదు. నేనైతే మూడోదే బోర్డుకెక్కిస్తాను.

ఖాళీల సంగతి తేలకపోతే కాగితాన్ని తలకిందులు చేసి చూడండి. చదవడం ఆగిపోయి, తెల్లటి చోట్లు మాత్రమే కంటికి ఆనతాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, బాగా రాసిన కాగితం వెంటనే వచ్చిన మామూలు కాగితం ఉన్నదానికన్నా నాసిగా కనిపిస్తుంది. అందుకే కట్టను రెండోసారి కింది నుంచి పైకి చూడాలి.

చివరికి రెండు సరిసమానంగా నిలిస్తే, రెంటినీ గోడకు పెట్టి ఆరడుగుల దూరం నుంచి వేరే తరగతి పిల్లవాడితో చదివించండి. ఎక్కడా తడుముకోకుండా చదివింది ఏదో, అదే బోర్డు మీదికి.