ప్రతిప్రోటాన్ పుట్టాలంటే ఎంత శక్తి కావాలి?

నిశ్చలంగా ఉన్న ఒక ప్రోటాన్‌ను మరో ప్రోటాన్‌తో ఢీకొట్టించి, కొత్తగా ఒక ప్రోటాన్‌ను, ఒక ప్రతిప్రోటాన్‌ను పుట్టించాలనుకోండి. ప్రోటాన్ విరామ శక్తి mc² విలువ 0.938 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు (జి.ఇ.వి.). పుట్టేవి రెండు కణాలే కనుక 2mc² గతిజశక్తి సరిపోతుందని మీకు అనిపించవచ్చు. కాని అది చాలదు. వచ్చే ప్రోటాన్ తెచ్చిన ద్రవ్యవేగం అభిఘాతం తర్వాత కూడా మిగలాలి. అందుచేత కణాలన్నీ ఆగిపోలేవు. కొంత శక్తి వాటి చలనానికే ఖర్చవుతుంది.

కావలసిన కనీస గతిజశక్తినే ఆరంభ శక్తి అంటారు. అంత శక్తే ఇచ్చినపుడు పాత ప్రోటాన్లు రెండూ, కొత్త కణాలు రెండూ ఒకే వేగంతో కలిసి సాగుతాయి. కనుక ఆ నాలుగింటినీ 4m ద్రవ్యరాశి గల ఒకే ముద్దగా భావించవచ్చు. మొత్తం శక్తి E, ద్రవ్యవేగం p అయితే, E² − p²c² ఎప్పుడూ విరామ శక్తి వర్గానికి సమానం. వచ్చే ప్రోటాన్‌కు E, p లు తీసుకుంటే:

(E + mc²)² − p²c² = (4mc²)²

ఇందులో E² − p²c² బదులు (mc²)² రాయండి. E = 7mc² వస్తుంది. విరామ శక్తిని తీసివేస్తే గతిజశక్తి 6mc², అంటే సుమారు 5.6 జి.ఇ.వి.

అమెరికాలోని బర్క్‌లీలో బెవట్రాన్ యంత్రాన్ని 6 జి.ఇ.వి. పైచిలుకు శక్తికి నిర్మించినది ఈ లెక్కను దృష్టిలో ఉంచుకునే. 1955లో సెగ్రే, ఛాంబర్లేన్ బృందం ప్రతిప్రోటాన్‌ను అక్కడే కనుగొంది.

రెండు ప్రోటాన్లనూ సమాన వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టిస్తే మొత్తం ద్రవ్యవేగం సున్నా. అప్పుడు ఒక్కొక్కదానికి mc² గతిజశక్తి ఉంటే చాలు!