వెల్డర్ రెజ్యూమెలో మొదటి వరుస

రిఫైనరీ షట్‌డౌన్ పనులకు వెల్డర్లను తీసుకునే చోట కాగితాలు కట్టలుగా వచ్చి పడతాయి. ‘వెల్డింగ్‌లో పదేళ్ల అనుభవం ఉంది, కష్టపడి పనిచేస్తాను’ అని రాస్తే చదివే ఇంజినీరుకు తెలిసేదేమీ లేదు. గేట్లూ గ్రిల్సూ అతికినా పదేళ్లే, హై ప్రెషర్ పైపులు అతికినా పదేళ్లే. ఏ పద్ధతిలో, ఏ పొజిషన్‌లో, ఏ లోహం మీద చేశాడన్నదే ఆయన వెతుకుతాడు.

అందుకే పేరు, ఫోన్ నంబరు కిందే ఈ వరుస ఉండాలి: ‘పైప్ వెల్డర్, 6జి, టిగ్ & ఆర్క్, కార్బన్ స్టీల్, స్టెయిన్‌లెస్ స్టీల్’. 6జి పరీక్షలో పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పడానికి లేదు, వెల్డరే చుట్టూ తిరిగి అతకాలి. ఇది నెగ్గితే 1జి, 2జి, 5జి కూడా వచ్చినట్టే లెక్క కాబట్టి వాటిని విడిగా రాసి చోటు వృథా చేయక్కర్లేదు.

తర్వాత సర్టిఫికెట్లు. ఐటీఐ ట్రేడ్ సర్టిఫికెట్‌కు ఒక్క వరుస చాలు. వెల్డర్ టెస్టుకు మాత్రం ఏ కోడ్ ప్రకారం జరిగిందో, ఎప్పుడు జరిగిందో రాయాలి. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది: ఆ పద్ధతిలో చివరిగా పనిచేసిన నెల. ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 ప్రకారం ఆరు నెలలు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే అర్హత పోతుంది. పైగా ఒక కంపెనీ పెట్టిన టెస్టు మరో కంపెనీకి సాధారణంగా చాలదు, వాళ్లు మళ్లీ పెడతారు. రెజ్యూమె పని మనిషిని ఆ టెస్టు దాకా తీసుకెళ్లడమే. (ఎలక్ట్రీషియన్‌కైతే రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన వైర్‌మన్ పర్మిట్ నంబరు, అది చెల్లే తేదీ పైవరుసలోకి రావాలి.)

మిగతా సగం పేజీ సైట్ అనుభవానిదే. శ్రీకాకుళం నుంచి విశాఖ పనులకు వచ్చే ఒక వెల్డర్ ‘పలు కంపెనీల్లో పైపింగ్ పనులు చేశాను’ అని రాశాడనుకుందాం. అదే పనిని ఇలా రాయొచ్చు: ‘2023 మార్చి–నవంబర్, విశాఖపట్నం, రిఫైనరీ పైపింగ్. 2 నుంచి 8 అంగుళాల కార్బన్ స్టీల్ పైపులు. రూట్ టిగ్‌తో, ఫిల్లింగ్, క్యాపింగ్ ఆర్క్‌తో. జాయింట్లకు రేడియోగ్రఫీ జరిగింది.’ ఇంజినీరు అడగబోయే ప్రశ్నలకు ఇందులోనే జవాబుంది. పనిలేని నెలలుంటే అలాగే వదిలేయాలి, తేదీలు సాగదీస్తే పాత కంపెనీకి చేసే ఒక్క ఫోన్‌తో బయటపడుతుంది.

చేయని లోహం పేరు రాయడం అంతకన్నా ప్రమాదం. స్టెయిన్‌లెస్ స్టీల్ పైపుకు టిగ్‌తో రూట్ వేసేటప్పుడు లోపల ఆర్గాన్ గ్యాస్ నింపాలి, లేకపోతే లోపలివైపు అతుకు నల్లగా, గరుకుగా మాడిపోతుంది. ఆ పని నిజంగా చేసినవాడు టార్చ్ వెలిగించకముందే పర్జింగ్ లైన్ ఎక్కడని అడుగుతాడు. టెస్టు పెట్టేవాళ్లు చూసేదీ అదే.